అత్తయ్య పచ్చ, షాపువాడి పటకారు

అత్తయ్య చిటికెనవేలి ఉంగరం ఈ మధ్య ప్రతిదానికీ తగులుకుంటోంది. తువ్వాలుకి, నా చున్నీకి, ఇవాళ పొద్దున చంటాడి జుట్టుకి కూడా. వాడు ఏడుపు, ఆవిడ కంగారు. "పాతబడింది కదమ్మా, అంతే" అన్నారు. అంతే అయితే నేనీ టైమ్‌లో కూర్చుని టైపు చేయను.

రాయిని పట్టుకునే కొక్కేల కొనలు సరిగ్గా ఉంటే గుండ్రంగా, నున్నగా రాయి మీదకి వాలి ఉంటాయి. పోగు వాటి మీద నుంచి జారిపోతుంది. ఇరుక్కుందంటే కొన అరిగి పదునెక్కి ఉండాలి, లేదా రాయిని వదిలి పైకి లేచి సందు ఇచ్చి ఉండాలి. చెవి దగ్గర పెట్టి వేలితో తట్టి చూశాను. చప్పుడు లేదు. "చూశావా, గట్టిగానే ఉంది" అని ఆవిడ విజయగర్వం.

ఆ చేత్తో శనగపిండి కలుపుతారు, చపాతీలు వత్తుతారు. అదంతా రాయి కిందకి చేరి గడ్డకట్టి ఉంటుంది. అందుకే గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో వెనక వైపు నుంచి తోమాను. సింకు దగ్గర కాదు, గిన్నెలో. తుడిచి మళ్ళీ తడితే టిక్కుటిక్కుమంది. పళ్ళపుల్లతో రాయి అంచుని మెల్లగా నెడితే కదిలింది కూడా. ఇన్నాళ్ళూ ఆ రాయిని ఆపింది బంగారం కాదు, శనగపిండి.

వెంటనే మా పిన్ని గుర్తొచ్చింది. మీలో కొందరికి ఆ కథ తెలుసు. పెద్దక్క పెళ్ళి ముందు రోజు పిన్ని స్వయంగా పులిహోర కలిపింది. గంగాళం నిండా అన్నం, మోచేతుల దాకా చింతపండు గుజ్జు. చెయ్యి కడుక్కుని చూసుకుంటే ఉంగరం ఉంది, కెంపు లేదు. అప్పటికే సగం విస్తళ్ళలో వడ్డించేశారు. మా పెదనాన్న పందిట్లో నిలబడి "అందరూ మెల్లగా నమలండి" అని కేకేశారు. మగపెళ్ళివారు నవ్వాలో మానాలో తెలియక విస్తళ్ళు కెలికారు. మిగిలిన పులిహోరంతా పళ్ళేల్లో పరిచి వేళ్ళతో వెతికారు, దొడ్లో మట్టి జల్లించారు. రాయి దొరకలేదు. అంట్లు తోమడానికి వచ్చిన అమ్మాయిని తలో మాటా అడిగి ఏడిపించారు. ఆ పిల్ల మళ్ళీ మా వీధి వైపు రాలేదు. నాకిప్పటికీ అది గుచ్చుకుంటుంది. ఆ ముందు నెలంతా పిన్ని తన పట్టుచీరలకి పోగులు లేస్తున్నాయని నేతవాణ్ణి తిట్టుకుంటూనే ఉంది. చీరది తప్పేం లేదు, కొక్కెం లేచిపోయింది. ఆ రాయి పులిహోరలోనే పడిందని కూడా నేను నమ్మను, అంతకు ముందు ఎన్ని బకెట్లు ఎత్తిందో, ఎన్ని బట్టలు పిండిందో.

సరే, అసలు ఒళ్ళు మండే సంగతికి వస్తాను. పోయిన దీపావళికి ఇదే ఉంగరాన్ని పెద్ద షాపుకి తీసుకెళ్ళాం. ఏసీ, చల్లటి బాదంపాలు, అన్నీ ఉన్నాయి. కౌంటర్ దగ్గర కుర్రాడు కనీసం భూతద్దం పెట్టి చూడకుండా పటకారుతో నాలుగు వైపులా నొక్కి "టైట్ అయిపోయింది మేడమ్, ఫ్రీ సర్వీస్" అన్నాడు. పైగా గలగల కదిలే నీళ్ళ మెషిన్‌లో పడేసి మెరిపించి ఇచ్చాడు. పచ్చరాయిలో సన్నటి చీలికలు సహజంగానే ఉంటాయి, అవి కనపడకుండా సాధారణంగా నూనె పట్టిస్తారు. ఆ మెషిన్ కుదుపుకి నూనె బయటికొచ్చేస్తుంది, చీలిక పెరగనూవచ్చు. వదులు రాళ్ళయితే ఇంకా వదులవుతాయి. ఆ తర్వాత రాయి కాస్త పాలిపోయిందని అత్తయ్య అంటే ఆవిడ చూపు మీద అనుమానపడ్డారు మా ఆయన. ఇక ఆ కుర్రాడు చివర్లో "పాతది మార్చేసి కొత్త మోడల్ తీసుకోండి" అని తరుగు లెక్కలు మొదలెట్టాడు.

మధ్యాహ్నం వన్‌టౌన్‌లో మా ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. కంటికి భూతద్దం పెట్టుకుని ఉంగరాన్ని పక్క నుంచి, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు. పై నుంచి చూస్తే ఏమీ తెలియదట, పక్క నుంచి చూస్తేనే కొన ఎంత మందం మిగిలిందో కనిపిస్తుంది. నాకూ చూపించారు. నాలుగింట్లో ఒకటి బాగానే ఉంది, కాస్త లేచింది, అంతే. రెండు కాగితంలా పల్చబడ్డాయి. నాలుగోదానికి మొదట్లో, వంగిన చోట, వెంట్రుక లాంటి గీత.

"లావుగా ఉండి లేచిన కొననైతే నొక్కితే చాలమ్మా. అరిగినదాన్ని నొక్కితే అక్కడ పట్టుకోడానికి బంగారమేదీ? వంగి వంగి విరుగుతుంది. ఈ గీత అట్లా వచ్చిందే" అన్నారు. పటకారు పుణ్యమన్నమాట.

పల్చబడ్డ రెండింటికీ కొత్త బంగారం కొనల్లా అతికి, ఆకురాయితో గుండ్రంగా తీర్చాలి. గీత పడ్డదానికి కొన కడితే లాభం లేదు, మొదలంటా తీసి కొత్త కొక్కెం పెట్టాలి. వజ్రమైతే బోరిక్ పూత వేసి రాయి ఉండగానే వేడి చేస్తారట. పచ్చని మాత్రం మంట దగ్గరికి తీసుకెళ్ళకూడదు. కాబట్టి ముందు రాయి తీయాలి, పని అయ్యాక తిరిగి కట్టాలి. తీసేటప్పుడు బాగున్న కొక్కెం కూడా వంచక తప్పదు. వేడి రాయికి తగలకుండా లేజర్‌తో అతికేవాళ్ళున్నారు కదా అన్నాను. "ఉన్నారు, కొనలకి అది మంచిదే. కానీ మొదలు మార్చాలంటే ఎట్లాగూ రాయి తీయాలిగా" అన్నారు.

ఇక్కడిదాకా రాసేసరికి నాకే ఇంకో ఆలోచన వస్తోంది. అసలు 22 క్యారెట్ల మెత్తటి బంగారంతో నాలుగు కొక్కేలేమిటి, అదీ రోజూ పిండి పిసికే చేతికి? నాలుగింట్లో ఒకటి విరిగినా రాయికి ఒక వైపు దారి తెరుచుకున్నట్టే. రాయి చుట్టూ పల్చటి బంగారు అంచు కట్టించేస్తే తగులుకోవడానికి కొనలే ఉండవు. మెత్తటి బంగారం రాయి మీదకి సులువుగా ఒదుగుతుంది కూడా. రాయి కొంచెం చిన్నగా, ముదురుగా కనిపిస్తుంది, కనిపించనీ. సాయంత్రం ఈ మాట అంటే అత్తయ్య ఒప్పుకోలేదు. రాయి వేలికి తగలాలట. అడుగు తెరిచే ఉంచుతారండీ అన్నా వినలేదు. "మీ మావయ్య గారు చేయించింది అట్లాగే ఉండాలి" అన్నారు. ఆ మాట తర్వాత నేనేం మాట్లాడతాను? కొక్కేలే బాగుచేయమని ఆచారి గారికి ఫోన్ చేసి చెప్పాను.

ఆయన మధ్యాహ్నమే రాయి ఊడదీసి, ఉంగరం బరువు, రాయి బరువు విడివిడిగా తూచి చీటీ మీద రాసిచ్చారు. రాయిలో ఓ మూల ఈకలాంటి మరక ఉంది, దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోమన్నారు. తిరిగి కట్టాక అదే రాయని మనకే తెలియాలి కదా.

మా ఆయన వజ్రపుటుంగరం కూడా తెమ్మన్నారు ఆచారి గారు. ఈయనేమో "నాది దేనికీ తగులుకోవట్లేదుగా" అని టీవీలోంచి తల తిప్పలేదు. తగులుకోదు మరి. కొక్కెం లేస్తే తగులుకుంటుంది, సమంగా అరిగిపోతే అద్దంలా నున్నగానే ఉంటుంది. ఆదివారం నిద్రలేవకముందే వేలి నుంచి లాగేస్తాను.