టేబుల్ 3ని నోటితో చెప్పడం: నా అనుభవం

మహిళల్లో రక్తహీనత మీద మా పేపర్ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటాతో రాసింది. కాన్ఫరెన్స్‌లో నాకిచ్చింది 15 నిమిషాలు, అందులో 3 ప్రశ్నలకి. పేపర్‌కి ప్రాణమంతా టేబుల్ 3లోనే ఉంది, కానీ అన్ని వరసల ఆడ్స్ రేషియోలు తెర మీద పెడితే జనం చదవడం మొదలుపెడతారు, మన మాట వినరు.

అందుకని ముందు ఒక్క వరసే తీసుకున్నాను: బడికి వెళ్లని మహిళల్ని పదో తరగతి దాటినవాళ్లతో పోల్చేది. రిహార్సల్‌కి మా వదినని కూర్చోబెట్టి "ఆడ్స్ రెండు రెట్లు" అన్నాను. ఆవిడ వెంటనే, "అంటే వీళ్లలో సగం మందికి ఉంటే వాళ్లలో అందరికీ ఉన్నట్టేనా?" అంది. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆడ్స్ అంటే జబ్బు ఉన్నవాళ్లని లేనివాళ్లతో భాగించగా వచ్చేది. లెక్క సులువు కోసం 100లో 50 మందికి ఉందనుకుందాం (మా అంకెలు వేరు): 50కి 50, అంటే 1. రెట్టింపు చేస్తే 2, అంటే ఉన్నవాళ్లు ఇద్దరైతే లేనివాళ్లు ఒకరు, 100లో సుమారు 67 మంది. 50 నుంచి 67కి, అంతే. అరుదైన జబ్బయితే "రెండు రెట్లు" అన్నా పెద్ద తేడా రాదు. కానీ ఈ సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, ఇక్కడ ఆ మాట వినేవాళ్లని పక్కదారి పట్టిస్తుంది. అందుకే స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో `margins` నడిపి, మోడల్ అంచనాలన్నిటినీ "వందలో ఎంతమంది"గా మార్చుకుని అవే చెప్పాను.

తర్వాత మల్టీలెవెల్ మోడల్. పేపర్‌లో దానికి రెండు పేజీలు, మాటల్లో మాత్రం ఇంతే: సర్వేవాళ్లు ఒక్కో ఊళ్లో 22 ఇళ్ల చొప్పున ఎంచుకుంటారు, ఒకే ఊరివాళ్ల తిండీ నీళ్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి వాళ్లని ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లుగా లెక్కేస్తే మన నమ్మకం ఉండాల్సినదానికంటే ఎక్కువైపోతుంది, ఆ సంబంధాన్ని లెక్కలోకి తీసుకునేదే ఈ మోడల్. సమీకరణం చూపించలేదు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం "వల్ల" అనే మాట. కథలా చెప్పేటప్పుడు "చదువు లేకపోవడం వల్ల" అని నోటికి తేలిగ్గా వచ్చేస్తుంది, కానీ ఒకేసారి తీసిన సర్వే ఆ మాటకి ఒప్పుకోదు. చదువుతో పాటు ఇంటి ఆదాయం, తిండి కూడా మారతాయి, మోడల్‌లో పెట్టినవాటినే సర్దుబాటు చేయగలం. ఫోన్‌లో రికార్డు చేసుకుని విని, "వల్ల" వచ్చిన చోటల్లా "బడికి వెళ్లనివాళ్లలో ఎక్కువ కనిపించింది" అని మార్చాను. వాక్యం చప్పబడింది, అయినా సరే.

పి-విలువలు, పూర్తి టేబుల్ చివర్లో అదనపు స్లైడ్‌లుగా పెట్టుకున్నాను. ఊహించినట్టే ఒకాయన ఊళ్ల మధ్య తేడా ఎంతని అడిగారు, ఆ స్లైడ్ తీసి చూపించాను.