మర్ఫీ రేడియో లాగ్: ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, మాస్టారి నంబరూ పోయింది

ఆదివారం

వాల్వులన్నీ వెలుగుతున్నాయి కానీ స్పీకర్లో చప్పుడు లేదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి మీటరు పెడితే OL. కొన్ని వందల ఓములు చూపించాలి, అంటే లోపల తీగ తెగింది. దీన్ని మళ్లీ చుట్టగలిగిన మనిషి నాకు ఒక్కరే తెలుసు, కోఠీ గుజరాతీ గల్లీ దగ్గర ఉండే వైండింగ్ మాస్టారు. 2018లో ఇంకో రేడియోకి చుట్టిపెట్టారు. పోయినసారి అటు వెళ్తే ఆ చోట మొబైల్ కవర్ల షాపుంది. నంబరేమో నా పాత ఫోన్‌తో పాటే పోయింది. గూగుల్ అకౌంట్‌లో కాకుండా ఫోన్‌లోనే సేవ్ చేసుకున్నాను మరి.

contacts.google.comలో ట్రాష్ చూశాను. అక్కడ 30 రోజుల లోపు తీసేసినవే ఉంటాయి, నాకు పనికిరాలేదు. కాల్ హిస్టరీ సంగతి చెప్పనే అక్కర్లేదు, కొత్త ఫోన్‌లో అంత పాతవి ఎక్కడుంటాయి!

మంగళవారం రాత్రి

అప్పట్లో మాస్టారి అబ్బాయి బిల్లు మెయిల్‌లో పంపినట్టు గుర్తు. పేరు గుర్తులేదు, నెల మాత్రం లీలగా తెలుసు. జీమెయిల్‌లో ఇలా వెతికాను:

```
in:anywhere after:2018/06/01 before:2019/01/01 transformer
```

in:anywhere పెడితే స్పామ్, ట్రాష్ కూడా వెతుకుతుంది. నాలుగు మెయిళ్లు వచ్చాయి, అందులో ఒకటి అదే. కానీ తెరిస్తే "బిల్లు జత చేశాను అంకుల్" అన్న ఒక్క వాక్యమే ఉంది. సంతకం లేదేమిటా అనుకున్నాను. కింద చిన్న మూడు చుక్కలున్నాయి, నొక్కితే అప్పుడు తెరుచుకుంది. ఒకే సంతకం పదేపదే వస్తే జీమెయిల్ దాన్ని అలా మడిచేస్తుంది. చాలామంది ఇక్కడే "లేదు" అనుకుని వదిలేస్తారు.

సంతకంలో మూడు నంబర్లున్నాయి: షాపు ల్యాండ్‌లైన్, అబ్బాయి మొబైల్, అతని ఆఫీసు డెస్క్ నంబరు. ఆఫీసుకి ఫోన్ చేసి రేడియో సంగతి మాట్లాడటం బాగుండదు, దాన్ని పక్కన పెట్టేశాను. ల్యాండ్‌లైన్ ఇప్పుడు లేదని రికార్డు గొంతు చెప్పింది. మిగిలింది మొబైల్.

అది సరైనదేనా అని చూసుకోవడానికి ఇంకో దారి తట్టింది. అప్పట్లో డబ్బు యూపీఐలో పంపాను. ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్ మెయిల్‌లోనే ఉంది. వివరం గడిలో మొబైల్ నంబరుతోనే ఉన్న వాళ్ల యూపీఐ ఐడీ కనిపించింది కానీ చోటు చాలక 8 అంకెల దగ్గరే తెగిపోయింది. మిగతా రెండు అంకెలు ఊహించి వరసగా డయల్ చేయొచ్చుగా అని మా తమ్ముడు. అలా చేస్తే తొంభై తొమ్మిది మంది ముక్కూమొహం తెలియనివాళ్లని విసిగించడమే. నాకు ఆ 8 అంకెలు సరిపోల్చడానికే చాలు, అవి సంతకంలోని మొబైల్‌తో కలిశాయి. అంటే 2018లో ఆ నంబరు వాళ్లదే.

ఇప్పుడూ వాళ్లదే అని మాత్రం కాదు. మన దగ్గర నంబరు ఆగిపోయిన 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. అందుకే ఫోన్ చేయకుండా, ఎవరి పేరూ రాయకుండా మెసేజ్ పెట్టాను: "నమస్కారం. 2018లో కోఠీలో ఈ నంబరువారి దగ్గర రేడియో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకున్నాను. మీరు వారు కాకపోతే క్షమించండి, మళ్లీ మెసేజ్ చేయను."

బుధవారం

"రాంగ్ నంబర్ అండీ." థాంక్స్ చెప్పి ఆ నంబరు తీసేశాను.

మెయిల్ అడ్రస్ మాత్రం మారి ఉండదనిపించి ఆ పాత మెయిల్‌కే రిప్లై కొట్టాను. పాత బిల్లు కిందే ఉంటుంది కాబట్టి నేనెవరో వేరే చెప్పుకోనక్కర్లేదు. మాస్టారి నంబరు అడగలేదు. నా నంబరిచ్చి, వీలైతే ఆయన్నే ఫోన్ చేయమనండి అని రాశాను. మా రేడియో గ్రూపులో ఒక మిత్రుడికి కూడా ఆయన పరిచయమే. అతన్నీ అంతే అడిగాను, గ్రూపులో నంబరు పెట్టొద్దన్నాను. నంబరు కొడితే పేరు చెప్పే యాప్ వేసుకోమని అతనన్నాడు. దానికి మన కాంటాక్టులు చూసే అనుమతి ఇస్తే అందరి నంబర్లూ దాని చేతిలో పెట్టినట్టే. వద్దన్నాను.

శుక్రవారం

మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్.

"ఏమయ్యా, మళ్లీ కాల్చావా?"

మాస్టారే! షాపు ఎత్తేశారట, ఇంట్లోనే అడపాదడపా చుడుతున్నారు. పొద్దున 11 లోపు ఫోన్ చేయొద్దన్నారు. నంబరు సేవ్ చేసుకోనా అని అడిగి, ఈసారి గూగుల్ అకౌంట్‌లో సేవ్ చేశాను, "ఉదయం 11 తర్వాత" అని నోట్‌తో సహా.

ట్రాన్స్‌ఫార్మర్ స్టాంపింగులు, అంటే ఇనుప రేకుల్లో మధ్య కాలు వెడల్పు, రేకుల దొంతర మందం కొలిచి చెప్పమన్నారు. వెర్నియర్‌తో కొలిచాను: 22 మి.మీ., 25 మి.మీ. రేపు 11 దాటాక చెప్పాలి.