కప్పు కూరకు ఖరీదు కట్టడం: మా ఇంటి కూరల వ్యాపారంలో నా అనుభవం

విజయవాడలో మా ఇంట్లోనే వండి, మధ్యాహ్నం పూట చుట్టుపక్కల గదుల్లో ఉండే ఉద్యోగులకు కూరలు అమ్ముతాను. అమ్మకం బాగానే ఉన్నా నెలాఖరుకు చేతిలో మిగిలేది తక్కువగా ఉండడంతో, ఆ డబ్బు ఎక్కడ పోతోందో తేల్చుకోవాలని ఒక్కొక్క కూరకూ విడిగా లెక్క కట్టడం మొదలుపెట్టాను. అన్నింటికంటే ముందు బెండకాయ వేపుడును తీసుకున్నాను. పప్పు నీటితో పెరుగుతుంది, కిలో కందిపప్పుకు టమాటాలు కలిపి వండితే నాలుగు కిలోలకు పైగానే దిగుతుంది. వేపుడు మాత్రం తరిగిపోతుంది కనుక, నష్టం దాగేది ఎక్కువగా అక్కడే.

ఐదు కిలోల బెండకాయలు కిలో 50 రూపాయల చొప్పున 250కి కొన్నాను. తొడిమలు, తోకలు కోసి, ముదురువీ పుచ్చువీ ఏరేస్తే 4.25 కిలోలు మిగిలాయి. వేగాక కాటా మీద పెడితే తూగింది 2.2 కిలోలే. కొన్న బరువులో సగం కూడా అమ్మకానికి రాలేదన్న మాట. అందుకే ఖరీదును పచ్చి కూరగాయ బరువు మీద కాకుండా, వండిన తరవాత తూగిన బరువు మీదే పంచాలి. నూనెను కూడా చూపుతో అంచనా వేయకుండా, మూకుడును నూనెతో సహా వేపుడుకు ముందూ, కూర తీసేశాక చల్లారిన తరవాతా తూచి, తేడాను ఆ కూర ఖాతాలో రాశాను. మిగిలిన నూనెను అదే రోజు వేరే కూర పోపుకు వాడితే దాని ఖరీదు ఆ కూరకు చెందుతుంది.

ఆ లెక్కన నూనె 80, పల్లీలు, ఉల్లిపాయలు, కారం వగైరా 60, గ్యాస్ 40, ఆ కూర మీద పట్టిన సమయానికి నా కూలీ, సహాయకురాలి కూలీ కలిపి 110 రూపాయలు అయ్యాయి. బెండకాయలతో కలిపితే మొత్తం 540. కప్పుకు 100 గ్రాముల చొప్పున 22 కప్పులు వస్తాయి, ఒక్కో కప్పుకు మూత, చీటీతో కలిపి 4 రూపాయలు. కప్పు 40కి అమ్ముతాను కాబట్టి అన్నీ అమ్ముడుపోతే 252 రూపాయలు మిగలాలి.

అసలు రహస్యం నింపేటప్పుడు బయటపడింది. గరిటెతో వేసిన కప్పులను వరుసగా తూచి చూస్తే చాలావాటిలో 120 గ్రాములు ఉంది. "ఇంకో ఇరవై గ్రాములు పడితే ఏమవుతుందమ్మా, తినేవాళ్లే కదా" అంది మా సహాయకురాలు. ఆమె మాటలో మంచితనం ఉంది, కానీ ఆ ఇరవై గ్రాముల వల్ల 22 కావలసిన కప్పులు 18 అవుతాయి, లాభం 252 నుంచి 108కి పడిపోతుంది. నాలుగు కప్పులు అమ్ముడుపోక మిగిలినా దాదాపు అంతే నష్టం. మిగిలిన కూర కళ్ల ముందు ఉంటుంది కనుక బాధపడతాం, ఎక్కువ వేసింది మాత్రం అమ్మకంలో కలిసి వెళ్లిపోతుంది, దాన్ని వృథా అని ఎవరూ అనుకోరు. ఇప్పుడు ఖాళీ కప్పును కాటా మీద పెట్టి సున్నా చేసి, 100 దగ్గర ఆపుతున్నాం.

వృథా పుస్తకంలో కూర పేరు, కొన్న బరువు, తరుగు, వండిన బరువు, నింపిన కప్పులు, మిగిలినవి రాస్తాను. పక్కనే కారణం కూడా తప్పక ఉండాలి: ముదురు కాయలా, మాడిందా, ఒలికిందా, అమ్ముడుపోలేదా అన్నది. కారణం లేకుండా రాసిన అంకె వల్ల ఏం మార్చాలో తెలియదు. తరుగు పెరిగితే కూరగాయలు తెచ్చే చోట మాట్లాడాలి, మిగులు పెరిగితే వండే కొలత తగ్గించాలి. వండిన బరువును 100తో భాగిస్తే వచ్చే సంఖ్యకూ, నింపిన కప్పులకూ పొంతన కుదరకపోతే చెయ్యి బరువుగా పడుతోందని అర్థం. ఈ ఒక్క పోలికను ఆ పూటే చూసుకుంటాను, ఎందుకంటే మర్నాటికి దాన్ని సరిచూసే ఆధారం ఉండదు.

ధరలు మారినప్పుడు పాత లెక్క చెల్లదు. అందుకని ప్రతి కూరకూ ఒక కార్డు మీద కొలతలన్నీ సిరాతో, ధరలు మాత్రం పెన్సిలుతో రాసి పెట్టాను. బెండకాయ కిలో 80 పలికిన రోజు ఖర్చు 690 అవుతుంది, అప్పుడు మూడు కప్పులు మిగిలితే చాలు, ఆ కూర మొత్తం నష్టంలోకి దిగుతుంది. అటువంటి రోజున బెండకాయ పక్కన పెట్టి, దొండకాయ కార్డు తీసి ఆనాటి ధర వేసి చూసి, కప్పుకు పది రూపాయలైనా మిగిలితేనే వండుతున్నాను.