‘అందరూ రాలేదు’ అంటే ఎవరూ రానట్టా?

డిగ్రీ రెండో ఏడాది రియల్ అనాలిసిస్ ఇంటర్నల్ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. a_n = (-1)^n అనే అనుక్రమం, అంటే -1, 1, -1, 1 అని సాగేది, ఏ అవధికీ చేరదని నిర్వచనం నుంచే చూపాలి. అవధి నిర్వచనం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి:

∀ε>0 ∃N ∀n≥N : |a_n − L| < ε

ఇది జరగడం లేదని చెప్పాలి కాబట్టి చివర ఉన్న గుర్తును తిప్పాను:

∀ε>0 ∃N ∀n≥N : |a_n − L| ≥ ε

మార్కులేమీ పడలేదు. కాగితం పట్టుకుని సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన తప్పేమిటో చెప్పలేదు. “L = 1 పెట్టి, నువ్వు రాసింది నిజమో కాదో ఇక్కడే చూడు” అన్నారు.

చూశాను. సరి స్థానాల్లో పదం సరిగ్గా 1, కాబట్టి 1 నుంచి దాని దూరం సున్నా. ఏ N చెప్పినా దాని తర్వాత ఒక సరి సంఖ్య తప్పకుండా వస్తుంది, అక్కడ దూరం ε కంటే ఎక్కువ ఉండదు. అంటే నేను రాసిన వాక్యం అబద్ధం. మరి అసలు నిర్వచనం? ε = 1 తీసుకుంటే బేసి స్థానాల్లో దూరం 2. అదీ అబద్ధమే. “ఒక మాటా, దాని నిషేధమూ రెండూ అబద్ధమెలా అవుతాయి?” అని అడిగారు. అవవు. కాబట్టి నేను రాసింది నిషేధమే కాదు.

మరి నేను రాసింది దేని గురించి? ఆ రాత్రి హాస్టల్‌లో a_n = n తీసుకుని, L = 0 పెట్టి చూశాను. ε = 100 అంటే N = 100 చాలు, అక్కణ్ణుంచి ప్రతి పదమూ సున్నాకి కనీసం 100 దూరంలో ఉంటుంది. ε ఎంత పెద్దదిచ్చినా ఇంతే. అంటే నా వాక్యం చెబుతున్నది ‘L కి చేరదు’ అని కాదు, ‘పదాలు L నుంచి హద్దు లేకుండా దూరమైపోతాయి’ అని. అది అపసరణలో, అంటే ఏ అవధికీ చేరకపోవడంలో, ఒక రకం మాత్రమే. (-1)^n ఎక్కడికీ పారిపోదు, రెండు చోట్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

ఈ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు పట్టుకోవాలనిపించింది. ‘పెళ్ళికి అందరూ రాలేదు’ అంటాం. ఎవరూ రాలేదనా, కొందరు రాలేదనా? మాట్లాడేటప్పుడు గొంతును బట్టి తెలుస్తుంది, కాగితం మీద తెలియదు. మన వాక్యంలో ‘లేదు’, ‘కాదు’ క్రియతో కలిసి చివర్లో కూర్చుంటాయి. అవి ఖండిస్తున్నది క్రియనా, ‘అందరూ’ అన్న మాటనా అన్నది చెవికే వదిలేస్తాం. నేనూ అదే అలవాటుతో నిషేధాన్ని వాక్యం చివర తగిలించాను. నిజానికి అది వాక్యం మొత్తానికి బయట నిలబడాలి.

అందుకే ముందు చదవడం మార్చుకున్నాను. నిర్వచనంలో మూడు వాక్యాలు ఒకదాని కడుపులో ఒకటి ఉన్నాయి. పెన్సిల్‌తో డబ్బాలు గీశాను:

∀ε>0 [ ∃N [ ∀n≥N [ |a_n − L| < ε ] ] ]

దీన్ని తెలుగులో చదివితే ఇలా ఉంటుంది: నువ్వు ఏ ε ఇచ్చినా, దానికి తగిన N ఒకటి నా దగ్గర దొరుకుతుంది, ఆ N నుంచి నువ్వు ఏ n తీసుకున్నా a_n కి L కి దూరం ε లోపే. ‘ఏది ఇచ్చినా’ అన్నది ∀, ‘ఒకటి దొరుకుతుంది’ అన్నది ∃. ఎవరు ముందు ఇస్తారో, ఎవరు చూసి ఇస్తారో కూడా ఇందులోనే ఉంది. ε చూశాకే N ఇస్తాం. ఈ గుర్తులు చూసి భయపడేవాళ్ళకి ఒక మాట: గణితవేత్త వైయర్‌స్ట్రాస్ 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో ఈ పద్ధతిలో పాఠాలు చెప్పే నాటికి ∀ అనే గుర్తే లేదు. దాన్ని తర్కవేత్త గెంట్జెన్ వాడింది 1935లో.

ఇప్పుడు ‘కాదు’ని అన్నిటికంటే పై డబ్బా బయట పెట్టి, ఒక్కో డబ్బా దాటిస్తూ లోపలికి తోశాను. ‘ఏ ε ఇచ్చినా పని జరుగుతుంది’ అనేది అబద్ధమైతే, పని జరగని ε ఒకటి ఉన్నట్టు. ఆ ε కి ‘పనికొచ్చే N ఒకటుంది’ అనేది అబద్ధమైతే, ఏ N తెచ్చినా పనికిరానట్టు. ‘ఆ N నుంచి ఏ n తీసుకున్నా దూరం ε లోపే’ అనేది అబద్ధమైతే, దూరం ε లోపు లేని n ఒకటి అక్కడ ఉన్నట్టు. గుర్తు తిరిగేది చిట్టచివర, ఒక్కసారి:

∃ε>0 ∀N ∃n≥N : |a_n − L| ≥ ε

ఇక్కడ ఇంకో పొరపాటు చేశాను. అన్నీ తిప్పుతున్నానన్న ఊపులో n≥N ని కూడా n<N చేశాను. ‘ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ కరెంటు ఉంది’ అన్నది అబద్ధమని చూపాలంటే ఈ ఊళ్ళోనే కరెంటు లేని ఇల్లు చూపాలి, పక్క ఊరి ఇల్లు కాదు. n≥N, ε>0 అన్నవి ఎక్కడ వెతకాలో చెప్పే మాటలు. అవి కదలవు.

ఇంతా చేస్తే ఇది ఒక్క L గురించే. అభిసరణ అంటే ‘ఏదో ఒక L ఉంది’ కాబట్టి, అసలు వాక్యం ముందు ∃L ఉంది. అపసరణలో అది ∀L అవుతుంది. 1 కి చేరదు, -1 కి చేరదు అని చూపి ఆపితే సరిపోదు. 0.3 సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. కాబట్టి జవాబు ఇలా మొదలుపెట్టాను: L ఏదైనా ఇవ్వండి. నేను ε = 1 ఎంచుకుంటాను. ఇప్పుడు N ఏదైనా ఇవ్వండి. N, N+1 స్థానాల్లో ఒకటి 1, ఇంకోటి -1. వాటి మధ్య దూరం 2. L ఎక్కడున్నా ఆ రెంటి నుంచి దాని దూరాలు కలిపితే 2 కి తగ్గదు, కాబట్టి కనీసం ఒకటి 1 లేదా అంతకంటే ఎక్కువ. ఆ స్థానమే నా n. ఇస్తున్నదెవరో, ఎంచుకుంటున్నదెవరో వాక్యం ప్రకారమే నడిచింది. రుజువు రాయడమంటే ఆ వరసలో వెళ్ళడమే.

రెండోసారి ఆ కాగితం చూసి సార్ తల ఊపి, ఇంకో ప్రశ్న వేశారు. “ε = 1 అన్ని L లకీ సరిపోయింది కదా, అలాంటప్పుడు ∃ε ని ∀L కి ముందే పెట్టేయవచ్చా?”

వాస్తవ సంఖ్యల్లో అపసరించే ఏ అనుక్రమానికైనా అన్ని L లకీ పనికొచ్చే ఒకే ε దొరుకుతుంది. కానీ అది నిర్వచనం ఇచ్చింది కాదు, వాస్తవ సంఖ్యల్లో ఖాళీలు లేకపోవడం వల్ల వచ్చింది. అకరణీయ సంఖ్యల్లోనే ఉండి 1, 1.4, 1.41, 1.414 అని √2 దశాంశాలను తీసుకోండి. అక్కడ √2 లేదు కాబట్టి ఇది ఏ L కీ చేరదు. L ఇచ్చాక, √2 నుంచి దాని దూరంలో సగం ε గా తీసుకుంటే రుజువు నడుస్తుంది. కానీ ε ముందే ప్రకటించమంటే చిక్కు. 0.01 అన్నారనుకోండి, ఎదుటివాడు L = 1.414 ఇస్తాడు, నాలుగో పదం నుంచి అన్నీ దానికి 0.001 లోపే ఉంటాయి. ఇంకా చిన్న ε చెబితే √2 కి ఇంకా దగ్గరి L తెస్తాడు. ∀L ∃ε నిజం, ∃ε ∀L అబద్ధం. గుర్తులు అవే, వరస మాత్రమే మారింది.