తెల్ల కారు మెరూన్ అయింది, మెరుపు మాత్రం తెల్లగానే ఉంచాను

పర్లాకిమిడిలో మా స్టూడియోకి కాశీనగర్ నుంచి ఒకాయన వచ్చాడు. పెళ్ళిళ్ళకి కారు అద్దెకి తిప్పుతాడు. "అన్నా, నా తెల్ల బండి మెరూన్‌లో ఎలా ఉంటుందో ఫొటోలో చూపించు. బాగుంటేనే పెయింటర్‌కి అడ్వాన్స్ ఇస్తాను" అన్నాడు. నమ్మకంగా చూపించాలి, డబ్బు పెట్టబోయేది ఆయన కదా.

ఎర్ర కారుని నీలంగా మార్చడం తేలిక. ఫొటోషాప్‌లో Hue జరిపితే చాలావరకు పనైపోతుంది. తెలుపుకి అది పనిచేయదు. తెలుపులో రంగే లేదు కాబట్టి Hue ఎంత జరిపినా ఏమీ మారదు. Colorize పెడితే వెలుతురు అలాగే ఉండి పైన రంగు పూసినట్టవుతుంది, కారు గులాబీ రంగు మిఠాయిలా కనిపిస్తుంది.

అసలు సంగతి కారు పెయింట్‌లోనే ఉంది. రంగు కింద ఉంటుంది, దాని మీద పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటుంది. ఎండ తళుకు, ఆకాశం ప్రతిబింబం ఆ పై పొర మీంచి వస్తాయి, వాటికి కింది రంగు అంటదు. మెరూన్ కారు మీద కూడా సూర్యుడి చుక్క తెల్లగానే ఉంటుంది. అందుకే కింది రంగుని ఒక పొరలో, పై మెరుపుని ఇంకో పొరలో విడిగా చేయాలి.

ముందు ఫొటో మళ్ళీ తీశాను. ఆయన ఫోన్‌లో తెచ్చింది మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినది. బానెట్ మీద కర్సర్ పెడితే Info ప్యానెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలూ 255 చూపించాయి. అంటే అక్కడ ఏ వివరమూ మిగల్లేదు, ఏం చేసినా అది మచ్చగానే ఉంటుంది. సాయంత్రం ప్యాలెస్ వైపు చెట్ల నీడలో బండి పెట్టించి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి RAWలో తీశాను. ఈసారి తలుపులు 200 దగ్గర, తళుకులు 250 దగ్గర ఉన్నాయి.

ఎక్కువ సమయం పట్టేది మాస్క్. పెన్ టూల్‌తో బాడీ చుట్టూ గీసి అద్దాలు, లైట్లు, టైర్లు, క్రోమ్ పట్టీ, నంబర్ ప్లేట్ తీసేశాను. అంచుని ఒక్క పిక్సెల్ బయటికి జరపాలి, లేకపోతే మెరూన్ చుట్టూ సన్నటి తెల్ల గీత మిగిలి దొంగపని బయటపడుతుంది.

ఆ మాస్క్‌తో 140, 20, 30 రంగు Solid Color పొర వేసి Multiply పెట్టాను. Multiply లెక్క ఇది:

```
కింది విలువ × రంగు విలువ ÷ 255
```

తలుపు ఎరుపు 200 × 140 ÷ 255, అంటే సుమారు 110. తళుకు 250 × 140 ÷ 255, అంటే 137. రెండింటికీ తేడా ఎంత తక్కువో చూడండి! అందుకే Multiply ఒక్కటే వేస్తే మడతలు, నీడలు చక్కగా వస్తాయి గానీ కారు గోడకి రంగేసినట్టు మొద్దుగా ఉంటుంది.

మెరుపు కోసం అసలు ఫొటోని Ctrl+Jతో కాపీ చేసి అన్నిటికీ పైన పెట్టాను. అదే మాస్క్ తగిలించి, Levelsలో నల్ల స్లైడర్ 200కి తెచ్చాను. 200 వరకు ఉన్నవన్నీ నల్లబడ్డాయి, 250 మాత్రం 232 అయింది. ఆ పొరని Screenలో పెడితే నలుపు మాయమై తళుకు ఒక్కటే కలుస్తుంది. మొద్దుగా ఉన్న కారు ఒక్కసారిగా మెరిసింది. ఆ క్షణం నాకు నిజంగా సంతోషమేసింది. ఈ కాపీని బ్లాక్ అండ్ వైట్ చేయకండి, ఆకాశపు లేత నీలం అందులోనే ఉంటుంది.

టాప్ మీద మాత్రం పాలు పోసినట్టు మసక వచ్చింది. తెల్ల కారు టాప్ పైకి చూస్తుంది కాబట్టి ఎలాగూ వెలుగ్గానే ఉంటుంది. అందులో పెయింట్ తెలుపు ఎంత, ఆకాశం ప్రతిబింబం ఎంత అన్నది ఏ స్లైడరూ విడదీయలేదు. కంటితోనే చూసుకోవాలి. అదే వీధిలో అదే వేళకి ఆగిన ముదురు ఎరుపు కారుని ఫొటో తీసి పక్కన పెట్టుకున్నాను. దాని టాప్ మీద ఆకాశం తేటగా, కొమ్మల ప్రతిబింబం అంచులు గట్టిగా ఉన్నాయి. దాన్ని చూస్తూ Screen పొర మాస్క్ మీద మెత్తటి నల్ల బ్రష్‌ని 30 శాతంలో పెట్టి మసకని కొద్దికొద్దిగా తగ్గించాను.

ఆయనకి నచ్చింది. "ఇదే రంగు, మెటాలిక్‌లో వేయిస్తాను" అన్నాడు. మెటాలిక్‌లో లోహపు రేకులుంటాయి, చూసే కోణాన్ని బట్టి ఒకే తలుపు ఒకచోట వెలుగుగా, ఇంకోచోట ముదురుగా కనిపిస్తుంది. నేను చేసింది సాదా మెరూన్, ఆ ఆట ఇందులో రాదు. అదే చెప్పి, పెయింటర్ దగ్గర షేడ్ కార్డుని ఎండలోకి తెచ్చి, అటూ ఇటూ వంచి చూశాకే అడ్వాన్స్ ఇమ్మన్నాను.