ఎర్ర పెన్ను లాగ్, 9వ వారం: z రాసిన చోట t ఉండాలి

ఆదివారం లెక్క చేయడం, వారం పక్కన పడేసి, వేరేవాళ్ల పేపరులా దిద్దడం. పదికి మార్కులు: పరికల్పనలకు 3, టెస్ట్ స్టాటిస్టిక్‌కి 4, ముగింపు వాక్యానికి 3.

ఈసారి లెక్క: అరకిలో కందిపప్పు ప్యాకెట్లలో సగటు తూకం 500 గ్రాముల కంటే తక్కువా? 16 ప్యాకెట్ల సగటు 496.5, ప్రామాణిక విచలనం s = 8. సార్థకతా స్థాయి 5 శాతం.

మొదటి పంక్తిలోనే దొరికిపోయాను. `H0: x̄ = 500` అని రాశాను. శాంపిల్ సగటు 496.5 అని కళ్లెదుటే ఉంది, దాని గురించి పరికల్పన ఏంటి? మనకు తెలియనిది మొత్తం ప్యాకెట్ల సగటు, అంటే μ. సరైనది `H0: μ = 500`, `H1: μ < 500`. ‘తక్కువా’ అని ప్రశ్నే అడిగింది కాబట్టి ఒకవైపు పరీక్ష తప్పు కాదు. 496.5 చూశాక < గుర్తు పెట్టి ఉంటే మాత్రం ఒప్పుకునేవాణ్ణి కాదు. 3కి 1.

తర్వాత గణన:

```
(496.5 - 500) / (8/√16) = -3.5/2 = -1.75
```

ఇది సరే. √16 మరిచిపోయి 8తోనే భాగించి ఉంటే -0.44 వచ్చేది. కానీ పక్కన Z అని రాసి, -1.645తో పోల్చాను. ఆ 8 శాంపిల్ నుంచి వచ్చింది, పైగా ప్యాకెట్లు 16 మాత్రమే. కాబట్టి 15 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో t టేబుల్ చూడాలి: -1.753. (తూకాలు దాదాపు నార్మల్‌గా ఉన్నాయనుకుంటున్నట్టు ఒక ముక్క రాయాల్సింది, అదీ లేదు.) 4కి 2.

అసలు తమాషా ఇక్కడే. z ప్రకారం H0ని తిరస్కరించాలి. t ప్రకారం -1.75 వెంట్రుకవాసిలో గీతకు ఇవతలే ఆగింది, తిరస్కరించలేం. దాన్ని -1.8గా సవరించి రాసి ఉంటే t టేబుల్‌తో కూడా ఫలితం తిరగబడేది. అందుకే గీత దగ్గర ఉన్నప్పుడు మూడు దశాంశాలు ఉంచాలి.

ముగింపులో నా వాక్యం: ‘తూకం తక్కువని రుజువైంది.’ తప్పు టేబుల్ వాడినా, దాని ప్రకారం తిరస్కరించడం సబబే కాబట్టి దానికి 1 ఇచ్చాను. ‘రుజువైంది’ అన్న మాటకు మిగతావి కోత. మొత్తం 4.

తిరగరాసేటప్పుడు చెయ్యి మళ్లీ జారింది: ‘సగటు 500 అని తేలింది’ అని రాసి కొట్టేశాను. తిరస్కరించలేకపోవడం అంటే 500 అని తేలడం కాదు, 498 ఉన్నా ఇదే డేటా రావచ్చు. చివరికి నిలిచిన వాక్యం: ‘సగటు తూకం 500 గ్రాముల కంటే తక్కువని చెప్పడానికి, 5 శాతం స్థాయిలో, ఈ 16 ప్యాకెట్లలో తగినంత ఆధారం లేదు.’

వచ్చే ఆదివారం ఇదే లెక్క, 40 ప్యాకెట్లతో.