ఒక స్టిక్ అంటే ఒక ప్యాకెట్ కాదు

న్యూజెర్సీ నుంచి అక్క పంపిన కుకీల రెసిపీలో "రెండు స్టిక్కుల బటర్" అని ఉంది. మల్కాజ్‌గిరిలో మా వీధి చివర కిరాణా కొట్లో దొరికే 100 గ్రాముల ప్యాకెట్టే స్టిక్ అనుకుని రెండు వేసేశాను. పిండి ముద్ద కట్టలేదు. గుప్పిట్లో నొక్కితే నిలిచినట్టే నిలిచి, వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయింది. పాలు చిలకరించి ఎలాగో కాల్చాను కానీ బిస్కెట్లు గట్టిగా వచ్చాయి. పాప ఒక్కటే తిని ప్లేటు పక్కన పెట్టేసింది. చాలా బాధనిపించింది.

ఫోన్ చేస్తే అక్క అంది, "అయ్యో, ఇక్కడ స్టిక్ అంటే 113 గ్రాములే! రెండు కలిస్తే ఒక కప్పు, 227."

అంటే నేను 27 గ్రాములు తక్కువ వేశాను. దాదాపు రెండు టేబుల్‌స్పూన్లు.

అమెరికా స్టిక్‌లో 8 టేబుల్‌స్పూన్లు, ఒక్కోటి సుమారు 14 గ్రాములు. ఆ లెక్కన మన 100 గ్రాముల ప్యాకెట్‌లో 7 ఉంటాయి. అందుకే ఈ ఆదివారం మూడో ప్యాకెట్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి, గట్టిగా ఉండగానే కత్తితో ఏడు సమాన ముక్కలు చేశాను. రెండు ప్యాకెట్లకు రెండు ముక్కలు కలిపాను. తూకం యంత్రం అవసరమే రాలేదు. మనం అన్నం తినే చెంచాతో మాత్రం కొలవకండి, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు ఉంటుంది. మన బటర్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెసిపీలోని ఉప్పు మానేశాను.

ఈసారి పిండి చేతికి అంటకుండా మెత్తగా ముద్దయింది. పాప నాలుగు తింది.